మందు మొదలుపెట్టాక జుట్టు మరింత రాలుతోంది, ఆపేయాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 27 ఏళ్లు. మిర్యాలగూడ దగ్గర ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. రెండేళ్లుగా నడినెత్తిన జుట్టు పలచబడుతోంది. చర్మ డాక్టరు 5 శాతం మినాక్సిడిల్ ద్రావణం రాసిస్తే సెప్టెంబరు 10 నుంచి రోజుకు రెండుసార్లు పూస్తున్నాను. మూడో వారం నుంచి తలస్నానం చేసినప్పుడల్లా గుప్పెడు వెంట్రుకలు వస్తున్నాయి. ఇప్పటికి ఆరు వారాలైంది. మా అమ్మ "ఉన్నది గూడ పోతది, అవతల పారెయ్" అంటోంది. అసలు ఇదంతా బోరు నీళ్ల వల్లే అని ఆమె నమ్మకం. ఫిబ్రవరి నెలాఖరులో నా పెళ్లి. మందు ఆపేయాలా? పెళ్లినాటికి జుట్టు వస్తుందా? జీవితాంతం వాడాలా? (నల్గొండ జిల్లా పాఠకుడు)

సమాధానం: ఇప్పుడు మాత్రం ఆపకండి. మూడో వారంలో మొదలై ఆరో వారానికి బాగా కనిపించే రాలుడు ఈ మందుతో తరచుగా వచ్చేదే. అయితే రాలే ప్రతి వెంట్రుకనూ మందు ఖాతాలో వేయడం కూడా సరికాదు కనుక, మీకు రాలుతున్నది ఆ రకమో కాదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలో కింద చెబుతాను. ముందుగా వెంట్రుక ఏ లెక్కన పెరిగి ఏ లెక్కన రాలుతుందో తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

తలపై ఉన్న సుమారు లక్ష వెంట్రుకల్లో ప్రతిదానికీ విడిగా ఒక కాలచక్రం ఉంటుంది. పెరిగే దశ రెండు నుంచి ఆరేళ్లు నడుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో వెంట్రుక కుదురు ముడుచుకుపోయి, సుమారు మూడు నెలల పాటు విశ్రాంతి దశలో ఉంటుంది. విశ్రాంతిలో ఉన్న వెంట్రుక చూడటానికి మామూలుగానే ఉంటుంది, దువ్వెనకు లొంగుతుంది, అద్దంలో జుట్టుగానే లెక్కకు వస్తుంది, కానీ దానికి కిందినుంచి పోషణ ఆగిపోయి ఉంటుంది. ఆ కుదురులోనే కొత్త వెంట్రుక మొదలైనప్పుడు పాతది ఊడి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తలలో రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఈ లెక్క ప్రకారమే జరుగుతుంది. మగవారిలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో నుదుటి పక్కల, నడినెత్తిన ఉన్న కుదుళ్లు డీహెచ్‌టీ అనే పురుష హార్మోను ప్రభావానికి లోనై, ప్రతి చక్రంలోనూ పెరిగే కాలాన్ని కొంత కోల్పోతాయి. వెంట్రుక ప్రతిసారీ సన్నబడుతుంది, పొట్టిదవుతుంది, ఏ సమయంలో చూసినా విశ్రాంతిలో ఉన్నవాటి పాలు ఎక్కువగా ఉంటుంది.

మినాక్సిడిల్ మొదట జుట్టు కోసం తయారైన మందు కాదు. అది రక్తపోటు తగ్గించే మాత్ర, 1979లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ మాత్ర వాడిన రోగులకు ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు పెరగడం గమనించిన తర్వాతే తలకు పూసే ద్రావణం తయారై 1988లో అనుమతి పొందింది. పూసిన మందు ఉన్నది ఉన్నట్టుగా పనిచేయదు. కుదురు గోడల్లో ఉండే ఒక ఎంజైము దాన్ని మినాక్సిడిల్ సల్ఫేటుగా మార్చాలి, అప్పుడే అది కణాల పొరల్లోని పొటాషియం ఛానెళ్లను తెరుస్తుంది. ఆ ఎంజైము కొందరి కుదుళ్లలో తక్కువగా ఉంటుంది. ఒకే సీసా అన్నకు పనిచేసి తమ్ముడికి పనిచేయకపోవడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. ఛానెళ్లు తెరుచుకోవడం వల్ల చుట్టూ రక్తప్రసారం పెరుగుతుందన్న మాట ప్రచారంలో ఉన్నది, అది కొంతవరకు నిజమే. అయితే మన విషయంలో అసలు సంగతి వేరు: ఈ మందు విశ్రాంతి దశను కుదించి కుదురును తొందరగా పెరిగే దశలోకి తెస్తుంది, ఆ పెరిగే దశను పొడిగిస్తుంది. హార్మోను జోలికి మాత్రం ఇది పోదు. ఈ రెండు మాటల్లోనే మీ మూడు ప్రశ్నలకూ సమాధానం దాగి ఉంది.

విశ్రాంతి దశను కుదించడమంటే ఏమిటో ఒక లెక్కతో చూద్దాం. ఇవి మీ తల కొలిచి చెప్పే అంకెలు కావు, అర్థం కావడానికి వేసుకున్నవి. పలచబడుతున్న భాగంలో 20,000 వెంట్రుకలున్నాయనీ, వాటిలో అయిదింట ఒకటి, అంటే 4,000 విశ్రాంతిలో ఉన్నాయనీ అనుకుందాం. మందు లేకపోతే ఇవి సుమారు 100 రోజుల్లో, రోజుకు 40 చొప్పున, మీకు తెలియకుండానే రాలిపోతాయి. మందు పడిన తర్వాత ఆ కుదుళ్లలో చాలావాటికి ఒకేసారి మేలుకొలుపు అందుతుంది. అవే 4,000 వెంట్రుకలు 40 రోజుల్లో రాలాయంటే రోజుకు 100 అవుతాయి. దీనికి తలలోని మిగతా భాగంలో మామూలుగా రాలేవి తోడవుతాయి. పైగా మీరు వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవారైతే, మూడు రోజులుగా కుదురు వదిలేసి జుట్టులోనే చిక్కుకుని ఉన్నవన్నీ ఒక్కసారే చేతికి వస్తాయి. మీకు కనిపిస్తున్న గుప్పెడు ఇదే. గమనించవలసిందేమిటంటే, సెప్టెంబరు 10 నాడు విశ్రాంతిలో ఉన్న ఆ 4,000 వెంట్రుకలు మీరు మందు పూసినా పూయకపోయినా సంక్రాంతి రాకముందే రాలిపోవలసినవే. మందు వాటి సంఖ్యను పెంచలేదు, గడువును ముందుకు జరిపింది. పిల్లల పాలపన్ను కింద కొత్త పన్ను పొడుచుకు వస్తున్నప్పుడు పాతది కదిలి ఊడినట్టే ఇక్కడా జరుగుతుంది. పాలపన్ను ఊడిందని ఏ తల్లీ కంగారుపడదు కానీ, వెంట్రుక విషయంలో కొత్తది కంటికి కనిపించడానికి నెలలు పడుతుంది కాబట్టి మీ అమ్మగారి భయాన్ని తప్పుపట్టలేం.

ఈ రాలుడు సాధారణంగా రెండో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో మొదలై, నాలుగు నుంచి ఆరు వారాలు సాగి తగ్గుతుంది. అందరికీ రాదు. రానివారికి మందు పనిచేయడం లేదనీ, ఎక్కువ రాలినవారికి ఎక్కువ మొలుస్తుందనీ చెప్పుకునే మాటలు రెండూ నమ్మదగినవి కావు.

ఇక ఇంట్లో చూసుకోవలసిన పరీక్ష. తలస్నానం చేసిన రోజు రాలిన వెంట్రుకల్లో ఓ ఇరవై తీసుకుని నల్లటి గుడ్డ మీద పరిచి, కుదురు వైపు కొసను చూడండి. అక్కడ ఆవగింజ కంటే చిన్నగా తెల్లటి బుడిపె ఉంటే అది విశ్రాంతి దశ ముగించుకుని సహజంగా ఊడిన వెంట్రుక. ఎక్కువ భాగం ఇలాగే ఉండి, తల చర్మం మామూలు రంగులో ఉండి, మంట లేకపోతే నిశ్చింతగా కొనసాగించవచ్చు. బుడిపె లేకుండా రెండు కొసలూ తెగినట్టు ఉంటే అవి రాలినవి కావు, విరిగినవి. ద్రావణంలోని ఆల్కహాలు వల్ల జుట్టు ఎండిపోవడం, తడి తలను గట్టిగా తువాలుతో రుద్దడం ఇందుకు కారణాలు. తల ఎర్రబడి, దురద పెట్టి, పొట్టు లేస్తుంటే అది చాలాసార్లు మందు మూలంగా కాక, మందును కరిగించి ఉంచే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం చర్మానికి పడకపోవడం వల్ల వస్తుంది. అప్పుడు భరించి పూయడం తప్పు, ఆ ద్రవం లేని నురుగు రూపంలోని మందుకు మార్చమని మీ డాక్టరును అడగాలి. మందు ఆరిన తర్వాత తెల్లగా రాలే పొడిని మాత్రం చాలామంది చుండ్రు అనుకుని రకరకాల షాంపూలు మారుస్తారు. అది ఆరిపోయిన మందే, నీటితో పోతుంది.

రాలుడుకు వేరే కారణాలు కూడా ఇదే సమయంలో కలిసి రావచ్చు. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు, దానికి వైద్యం వేరు. నడినెత్తిన మాత్రమే కాక చెవుల పక్కన, వెనకవైపు కూడా సమానంగా రాలుతుంటే, జూన్, జులై నెలల్లో డెంగీ, టైఫాయిడ్ వంటి గట్టి జ్వరం ఏదైనా వచ్చిందా అని గుర్తు చేసుకోండి. అలాంటి జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు తలంతా రాలి, ఆ తర్వాత దానంతట అదే కోలుకుంటుంది. మందు వల్ల వచ్చే రాలుడైనా సరే, మూడు నెలలు దాటినా తగ్గకుండా ఉంటే మళ్లీ డాక్టరుకు చూపించవలసిందే. మీ లెక్కన ఆ గడువు డిసెంబరు 10.

బోరు నీళ్ల మాట ఈ జిల్లాలో ప్రతి ఇంట్లో వినిపిస్తుంది, దానికి కారణమూ ఉంది. మన నీళ్లలోని ఫ్లోరైడు పళ్లను, ఎముకలను ఎంత పాడుచేసిందో చూస్తూ పెరిగినవాళ్లం కనుక, ఒంటికి ఏది వచ్చినా నీళ్లనే అనుమానిస్తాం. కానీ నీళ్లు తల మొత్తం మీద పడతాయి. మీ తల పక్కల, వెనక ఒత్తుగా ఉండి నడినెత్తిన మాత్రమే పలచబడుతోందంటే, ఒకే చెంబు నీళ్లు ఒకచోట జుట్టును ఉంచి మరోచోట తీశాయని అనుకోవలసి వస్తుంది. ఉప్పు నీళ్లు జుట్టును బిరుసుగా చేసి విరిగేలా చేయగలవు. అంతకు మించి ఈ నమూనాలో బట్టతలను తేవు.

ఇప్పుడు మీ క్యాలెండరు తీద్దాం. రాలుడు నవంబరు మొదటి రెండు వారాల్లో తగ్గుముఖం పట్టవచ్చు. కానీ అద్దంలో తల మరీ పలచగా కనిపించేది రాలుతున్నప్పుడు కాదు, రాలడం ఆగిన తర్వాత. పాతవి పోయి, కొత్తవి ఇంకా చర్మానికి అంటుకున్నట్టు ఉండే నవంబరు, డిసెంబరు నెలలే మీకు అసలైన పరీక్ష, చాలామంది సీసా పారేసేదీ అప్పుడే. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అక్టోబరులో చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుక డిసెంబరు నెలాఖరుకు రెండు మూడు సెంటీమీటర్లు, మీ పెళ్లినాటికి నాలుగు అయిదు సెంటీమీటర్లు ఉంటుంది. అయితే అన్నీ ఒకేనాడు బయలుదేరవు, మొదట వచ్చేవి తరచుగా నూగు వెంట్రుకల్లా సన్నగా, రంగు తక్కువగా ఉంటాయి. అవి ముదిరి నల్లబడి లావు కావడానికి మరికొన్ని నెలలు కావాలి. అందుకే వైద్యులు నాలుగు నెలలకు ముందు ఫలితం అడగవద్దంటారు, నాలుగు నుంచి ఆరు నెలల్లో తేడా కనిపించడం మొదలవుతుందనీ, దాదాపు ఏడాదికి అది గరిష్ఠానికి చేరుతుందనీ చెబుతారు. మీ పెళ్లి అయిదున్నర నెలలకు వస్తోంది. ఆ రోజుకు మీరు సెప్టెంబరులో ఉన్న స్థితికి తిరిగి చేరడమో, దానికంటే కొంత మెరుగ్గా ఉండడమో న్యాయంగా ఆశించదగినది. ఒత్తైన జుట్టుతో పీటల మీద కూర్చుంటారని నేను చెప్పలేను. మందు పూర్తిగా ఏం చేయగలదో తేలేది వచ్చే సెప్టెంబరులో.

అప్పుడు కూడా దాని హద్దు తెలిసి ఉండాలి. 393 మంది మగవారి మీద 48 వారాలు జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 5 శాతం ద్రావణం 2 శాతం దాని కంటే 45 శాతం ఎక్కువ వెంట్రుకలు మొలిపించింది, అందుకే మీ డాక్టరు మీకు ఆ బలం రాసి ఉంటారు. ఇది బాగా పనిచేసేది నడినెత్తిన, అదీ పలచబడినా కుదుళ్లు ఇంకా బతికి ఉన్నచోట. నుదుటి పక్కల వెనక్కి పోయిన భాగంలో ఫలితం తక్కువ. ఏళ్ల తరబడి నున్నగా మెరుస్తున్న చోట మొలుస్తుందని ఆశ పెట్టుకోకూడదు. రెండేళ్లలోపే వైద్యం మొదలుపెట్టడం మీకు కలిసి వచ్చిన విషయం. చాలామందికి దక్కే లాభం కొత్త జుట్టు కంటే ఉన్నది నిలబడటమే, అది అద్దంలో కనిపించదు కాబట్టి మందు పనిచేయలేదని అనుకుంటారు. అందుకే నెలకొకసారి, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళ, ఆరిన తలతో, ఒకే విధంగా పాపిడి తీసి నడినెత్తిని ఫోటో తీయించి పెట్టుకోండి. సెప్టెంబరులో తీసినది లేకపోయినా ఈ వారం తీసినదైనా పనికొస్తుంది. రోజూ అద్దంలో చూసుకునేవాడికి మార్పు తెలియదు, తెలిసినా తప్పుగా తెలుస్తుంది.

పూసే తీరులో పొరపాట్లు నేను చూసేవి మూడు నాలుగే. ఒకసారికి ఒక మిల్లీలీటరు, డ్రాపరు మీద ఆ గీత ఉంటుంది, రోజుకు రెండుసార్లు. ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల సీసా సరిగ్గా నెల రావాలి. మీ సీసా రెండు నెలలు వస్తోందంటే సగం మోతాదు పూస్తున్నట్టు, ఇరవై రోజులకే అయిపోతే ఎక్కువ పూస్తున్నట్టు. ఎక్కువ పూస్తే జుట్టు తొందరగా రాదు, ఒంట్లోకి మందు ఎక్కువగా చేరుతుంది, అంతే. జుట్టును పాయలుగా విడదీసి, మందు చర్మానికి తగిలేలా చుక్కలు వేసి వేలితో పరచాలి. జుట్టు మీద పడినది వృథా. తల ఆరి ఉండాలి, పూశాక కనీసం నాలుగు గంటలు తడపకూడదు, నూనె పెట్టకూడదు. అమ్మగారి గుంటగలగర నూనెకు నేను అడ్డు చెప్పను. తలస్నానానికి ముందు పెట్టుకుని, కడుక్కుని, తల ఆరిన తర్వాత మందు పూయండి. మిల్లు నుంచి వచ్చినప్పుడు తల నిండా తవుడు దుమ్ము ఉంటుంది, దాని మీదే పూస్తే మందు దుమ్ముకు పట్టుకుంటుంది. రాత్రి పూసేది పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందు పూస్తే దిండుకు, దిండు నుంచి ముఖానికి అంటకుండా ఉంటుంది. పెళ్లి రోజుల్లో నలుగులు, మంగళస్నానాలు, నడినెత్తిన జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఉంటాయి కనుక రెండు మూడు పూటలు తప్పుతాయి. తప్పినందువల్ల నష్టమేమీ లేదు, తప్పిన పూటకు పరిహారంగా మర్నాడు రెట్టింపు పూయకండి.

దేవరకొండ వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఒకాయన నాలుగేళ్లలో ఈ మందును మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఏడో వారంలో ఆపేశారు. మూడుసార్లు రాలుడును అనుభవించారు, ఒక్కసారి కూడా మొలక కనిపించే దాకా ఆగలేదు. నాలుగో విడత ఆయన భార్య క్యాలెండరు మీద గీతలు పెట్టి కొనసాగింపజేశారు, ఏడాదికి నడినెత్తిన ఫోటోలో తేడా తెలిసింది. కానీ ఆ నాలుగేళ్లలో సన్నబడిపోయిన వెంట్రుకలు చాలావరకు తిరిగి రాలేదు.

జీవితాంతమా అన్న మీ ప్రశ్నకు సమాధానం మందు హార్మోనును ముట్టుకోదన్న దగ్గరే ఉంది. కుదురును సన్నబరిచే కారణం అలాగే ఉండగా మందు దాన్ని ఎగదోస్తూ ఉంటుంది. ఆపితే మూడు నాలుగు నెలల్లో, మందు వల్ల నిలిచినవీ మొలిచినవీ రాలి, మందు వాడకపోతే ఇప్పటికి ఎలా ఉండేదో ఆ స్థితికి తల చేరుతుంది. అంతకంటే కిందికి పోదు, కానీ ఒకేసారి రాలడం వల్ల మందే పాడుచేసిందనిపిస్తుంది. కాబట్టి జుట్టు కావాలనుకున్నన్నాళ్లు వాడాలి. ఏడాది నిండాక ఫోటోలు చూసి ఏ లాభమూ లేదని తేలితే ఆపడంలో తప్పు లేదు. హార్మోను వైపు నుంచి పనిచేసే ఫినాస్టెరైడ్ మాత్ర వేరే ఉంది, అది డాక్టరు చూసి రాయవలసినది. షాపుల్లో ఈ రెండూ కలిపిన పూత మందులు కూడా దొరుకుతాయి కనుక మీ సీసా మీద ఏమేం రాసి ఉందో ఒకసారి చదవండి. ఫినాస్టెరైడ్ ఉంటే గర్భిణికి అది తగలకూడదు, పెళ్లయ్యాక ఇది ముఖ్యమైన మాట. ఒట్టి మినాక్సిడిల్ అయినా పూశాక చేతులు సబ్బుతో కడగాలి. ఆడవారి ముఖానికి పదేపదే అంటితే అక్కడ వెంట్రుకలు మొలవవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడే మందు కాదు. ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఈ మందు కొద్దిగా అంటినా ప్రాణాపాయం.

గుండె దడ, కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి, పాదాల వాపు, కారణం లేకుండా బరువు పెరగడం వంటివి కనిపిస్తే మాత్రం రాలుడు సంగతి పక్కనపెట్టి, ఆ రోజే మందు ఆపి డాక్టరును కలవండి. మీకు ఇంతకుముందే గుండె జబ్బు గానీ రక్తపోటు మందులు గానీ ఉంటే, మొదట రాసిన డాక్టరుకు ఆ సంగతి చెప్పారో లేదో చూసుకోండి. అవేవీ లేకపోతే జనవరి మొదటి వారంలో, నాలుగు నెలలు నిండే సరికి, ఫోటోలు పట్టుకుని ఆయన్నే ఒకసారి కలవండి. భూతద్దంలో నడినెత్తిని చూస్తే మీ కంటికి కనిపించని నూగు వెంట్రుకలు ఉన్నాయో లేవో ఆయనకు తెలుస్తుంది.